యాక్చువరీ లెక్క రాకుండా యాక్చువరీ రిపోర్టుని ఆడిట్ చేయడం ఎలా?

ప్రశ్న: ఆడిట్‌లో నాకిది రెండో ఏడాది. ఉద్యోగులు మానేసేటప్పుడు ఇవ్వాల్సిన మొత్తానికి క్లయింట్ ఒక యాక్చువరీ రిపోర్టు ఇచ్చారు. అందులో అంకె, బ్యాలెన్స్ షీట్‌లో అంకె ఒకటేనని చూసి టిక్ పెట్టి ఫైల్లో పెట్టాను. "యాక్చువరీ పని చేశాడు సరే, నువ్వేం చేశావ్?" అని మేనేజర్ వెనక్కి పంపారు. నాకు యాక్చువరీ లెక్క రాదు. రాని లెక్కని ఎలా తనిఖీ చేయాలి? ల్యాండ్ వాల్యుయర్ రిపోర్టు కూడా ఉంది, దానికీ ఇదేనా?

జవాబు:

మీ మేనేజర్ అడిగింది సబబే. కాకపోతే ఏం చేయాలో కూడా చెప్పి పంపాల్సింది. నేనూ మొదటి రెండేళ్ళు ఇలాంటి రిపోర్టుల మీద టిక్ కొట్టేసినవాణ్ణే, కాబట్టి మొహమాటపడకండి.

ముందు ఒక పని చేయండి. రిపోర్టులో అంకె ఉన్న పేజీ వదిలేసి చివరి పేజీలు తీయండి. అక్కడ చిన్న అక్షరాల్లో రెండు వాక్యాలు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. ఉద్యోగుల వివరాలు కంపెనీ ఇచ్చింది, వాటిని మేము విడిగా తనిఖీ చేయలేదు అన్నది ఒకటి. జీతాల పెంపు వగైరా అజంప్షన్లు యాజమాన్యం నిర్ణయించింది అన్నది రెండోది. అంటే యాక్చువరీ సంతకం కింద ఉన్న అంకెలో ఆయన సొంత పని మధ్యలో జరిగే లెక్క మాత్రమే. ఆ లెక్కలోకి వెళ్ళిన డేటా కంపెనీది, అజంప్షన్లు చాలావరకు కంపెనీవి. నేను చూసినంతవరకు తప్పులు దొరికేది ఆ రెండు చోట్లే. మధ్యలో లెక్క తప్పడం అరుదు. మీకు రానిదల్లా ఆ మధ్య భాగం. మిగతా రెండూ మామూలు ఆడిట్ పనే.

ఇక స్టాండర్డ్ ఏం అడుగుతుందో చూద్దాం. ఇక్కడ చాలామంది అంతర్జాతీయ ఆడిటింగ్ స్టాండర్డుల్లోని ఐఎస్ఏ 620 అని రాసేస్తారు. మీ విషయంలో అది కాదు. యాక్చువరీని పెట్టుకున్నది కంపెనీ కాబట్టి ఆయన మేనేజ్‌మెంట్ ఎక్స్‌పర్ట్, వర్తించేది ఐఎస్ఏ 500. ఆడిట్ టీమ్ తనకి సాయంగా వేరే నిపుణుణ్ణి పెట్టుకుంటేనే 620 వస్తుంది. ఐఎస్ఏ 500 మూడు పనులు అడుగుతుంది. ఆ నిపుణుడి అర్హత, సామర్థ్యం, నిష్పాక్షికత చూడాలి. ఆయన చేసిన పనేమిటో అర్థం చేసుకోవాలి. ఆ పని మనం పరీక్షిస్తున్న విషయానికి ఆధారంగా సరిపోతుందా అని తేల్చాలి. ఎంత లోతుగా చేయాలనేది ఆ అంకె ఎంత ముఖ్యమైనదో దాన్ని బట్టి ఉంటుంది. ఇది అకౌంటింగ్ అంచనా కూడా కాబట్టి ఐఎస్ఏ 540 పక్కనే ఉంటుంది.

మొదటి పని మీద ఎక్కువ సమయం పట్టదు. ఆయన వృత్తి సంస్థలో సభ్యత్వం ఇప్పటికీ చెల్లుబాటులో ఉందా, ఇలాంటి ప్లాన్లు ఇంతకుముందు చేశాడా అని చూడండి. జీవిత బీమాలో ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నా ఉద్యోగుల ప్రయోజనాల లెక్క కొత్త కావచ్చు. నిష్పాక్షికత దగ్గర మాత్రం ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: "ఫైనల్ రిపోర్టుకి ముందు ఎన్ని డ్రాఫ్టులు వచ్చాయి? వాటిని చూడొచ్చా?" మొదటి డ్రాఫ్టులో ఒక అంకె, మూడో డ్రాఫ్టులో ఇంకో అంకె ఉంటే మధ్యలో ఏం మారిందో ఆ మెయిల్స్ చెబుతాయి. సర్టిఫికెట్ కాపీలు ఫైల్లో పెట్టుకోవడం కన్నా ఈ ప్రశ్నే నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. లెక్క రాకపోయినా ఆ అంకె నమ్మదగ్గదో కాదో పట్టుకునే ఒక మార్గం ఉంది.

ఉద్యోగుల ప్రయోజనాలకి వర్తించే అకౌంటింగ్ స్టాండర్డు ఐఏఎస్ 19 ప్రకారం వాడే పద్ధతి పేరు ప్రొజెక్టెడ్ యూనిట్ క్రెడిట్. పేరు చూసి టెన్షన్ పడకండి. ఒక ఉద్యోగిని తీసుకుందాం. వయసు 40, సర్వీసు 10 ఏళ్ళు, నెల జీతం 40,000. పని చేసిన ప్రతి ఏడాదికీ ఆఖరి జీతంలో అరనెల చొప్పున, మానేసేటప్పుడు ఒకేసారి ఇవ్వాలి. ఆయన 60 దాకా ఉంటాడని అనుకుందాం. జీతం ఏటా 8 శాతం పెరిగితే 20 ఏళ్ళకి సుమారు 1,86,000 అవుతుంది. అందులో సగం 93,000. ఇప్పటిదాకా చేసిన 10 ఏళ్ళకి లెక్కేస్తే 9.32 లక్షలు. అది 20 ఏళ్ళ తరవాత ఇచ్చే డబ్బు, కాబట్టి 7 శాతం డిస్కౌంట్ రేటుతో ఈ రోజుకి తెస్తే 2.41 లక్షలు. అదే ఈ ఉద్యోగికి పెట్టాల్సిన లయబిలిటీ. నిజం లెక్కలో ఆయన మధ్యలో మానేసే అవకాశం, చనిపోయే అవకాశం ఏడాదికేడాది విడదీసి కలుపుతారు. లెక్క నడక మాత్రం ఇదే.

ఇప్పుడు జీతం పెంపు కూడా 7 శాతమే అనుకోండి. పైకి పెంచిన రేటుతోనే కిందికి తెస్తున్నాం, కాబట్టి రెండూ కొట్టుకుపోతాయి. మిగిలేది 10 ఏళ్ళు × 20,000, అంటే 2 లక్షలు. ఆయన ఈ రోజే మానేస్తే ఇవ్వాల్సిన మొత్తం కూడా అదే. అప్పుడు ఎన్నేళ్ళకి మానేస్తాడన్నదానితో పనే ఉండదు. పెంపు 5 శాతం, డిస్కౌంట్ 7 అయితే అదే ఉద్యోగికి 1.37 లక్షలే వస్తుంది. ఒకే మనిషి, ఒకే జీతం, ఒకే సర్వీసు. అంకె 2.41 నుంచి 1.37కి పడిపోయింది. డిస్కౌంట్ రేటు విడిగా ఎంత, పెంపు విడిగా ఎంత అని చూస్తే ఇది కనపడదు. చూడాల్సింది ఆ రెండింటి మధ్య తేడా.

దీంతో మీ చేతికి ఒక కొలబద్ద వచ్చింది. పేరోల్ తీసుకుని ప్రతి ఉద్యోగికీ సర్వీసు ఏళ్ళు × అరనెల జీతం వేసి మొత్తం కూడండి. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క కాలమ్ పని. అది "అందరూ ఈ రోజే మానేస్తే" వచ్చే అంకె. జీతాల పెంపు డిస్కౌంట్ రేటు కన్నా తక్కువైతే యాక్చువరీ అంకె దీనికి కింద ఉండాలి, ఎక్కువైతే పైన ఉండాలి, సమానమైతే దగ్గరగా ఉండాలి. ఎంత కింద, ఎంత పైన అన్నదానికి ఇంకో అంకె కావాలి. అది రిపోర్టులోనే ఉంటుంది, చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం నేను చేసిన ఒక ఆడిట్‌లో జరిగింది చెబుతాను. 640 మంది ఉద్యోగులున్న తయారీ కంపెనీ. ప్లాన్ పైన చెప్పినదే: ఏడాదికి అరనెల, కనీస సర్వీసు షరతు లేదు, గరిష్ఠ పరిమితి లేదు. యాక్చువరీ రిపోర్టులో లయబిలిటీ 16.9 కోట్లు. డిస్కౌంట్ 7 శాతం, జీతాల పెంపు 5 శాతం. మా మెటీరియాలిటీ, అంటే అంతకు మించిన తప్పుని వదలకూడదని పెట్టుకున్న హద్దు, 1.2 కోట్లు. జూనియర్ వర్కింగ్ పేపర్ నీట్‌గా ఉంది. రిపోర్టులో 640 మంది, పేరోల్‌లో 640 మంది, టిక్. నెల జీతాల మొత్తం కూడా కలిసింది, టిక్.

నేను పేరోల్ మీద ఆ కాలమ్ వేయించాను. 21.6 కోట్లు వచ్చింది. పెంపు తక్కువ, డిస్కౌంట్ ఎక్కువ కాబట్టి యాక్చువరీ అంకె తక్కువ రావడం సహజమే. కానీ 16.9 దాకా తగ్గాలా?

ఇక్కడే ఆ రెండో అంకె కావాలి. ప్రతి రిపోర్టులో సెన్సిటివిటీ పట్టిక ఉంటుంది, ఐఏఎస్ 19 దాన్ని వెల్లడించమంటుంది కూడా. మా రిపోర్టులో డిస్కౌంట్ రేటు ఒక శాతం పెంచితే లయబిలిటీ 15.7 కోట్లు, ఒక శాతం తగ్గిస్తే 18.2 కోట్లు అని ఉంది. అంటే ఒక శాతానికి 7 నుంచి 8 శాతం కదులుతోంది. దీన్నిబట్టి ఆ చెల్లింపులు సగటున సుమారు 8 ఏళ్ళ దూరంలో ఉన్నాయని తేలుతుంది. ఇక లెక్క సులువు. 1.05ని 1.07తో భాగించి, వచ్చినదాన్ని 8 ఏళ్ళకి 8వ ఘాతానికి పెంచితే 0.86. 21.6 కోట్లని 0.86తో గుణిస్తే 18.6 కోట్లు. రిపోర్టులో ఉన్నది 16.9. సుమారు 1.7 కోట్ల తేడాకి కారణం కనపడటం లేదు, అది మెటీరియాలిటీ కన్నా ఎక్కువ.

ఇది కచ్చితమైన లెక్క కాదని గుర్తుంచుకోండి. రెండు మూడు శాతం అటూ ఇటూ అయితే నేను పట్టించుకోను. తొమ్మిది శాతం తేడా వస్తే మాత్రం ఎక్కడో ఏదో ఉంది.

మనుషుల సంఖ్య కలిసింది, జీతాలు కలిశాయి. ఇక మిగిలింది సర్వీసు. యాక్చువరీకి హెచ్ఆర్ పంపిన ఫైలు తెప్పించి చేరిన తేదీ ప్రకారం సార్ట్ చేశాం. 52 మంది ఒకే రోజు చేరినట్టు ఉంది. ఒక ఫ్యాక్టరీలో ఒకే రోజు 52 మంది చేరరని కాదు, చేరొచ్చు. కానీ వాళ్ళ సగటు జీతం 70,000, అది కొత్తగా చేరినవాళ్ళ జీతంలా లేదు. వాళ్ళ నియామక పత్రాలు తీస్తే సంగతి తెలిసింది. మూడేళ్ళ కిందట గ్రూపులోని ఇంకో కంపెనీ నుంచి బదిలీ అయి వచ్చినవాళ్ళు. పాత సర్వీసు కొనసాగుతుందని బదిలీ ఒప్పందంలో స్పష్టంగా రాసి ఉంది. సీనియారిటీ, సెలవుల కోసం పేరోల్‌లో పాత తేదీనే ఉంచారు. యాక్చువరీకి పంపే స్ప్రెడ్‌షీట్ మాత్రం హెచ్ఆర్‌లో ఎవరో విడిగా నడుపుతున్నారు, అందులో బదిలీ తేదీని చేరిన తేదీగా వేశారు. సగటున ఒక్కొక్కరికీ 11 ఏళ్ళ సర్వీసు ఎగిరిపోయింది. 52 మంది × 11 ఏళ్ళు × 35,000 అంటే సుమారు 2 కోట్లు. దాన్ని 0.86తో గుణిస్తే 1.7 కోట్లు. తేడా మొత్తం అదే.

యాక్చువరీ తప్పేమీ లేదు. ఇచ్చిన తేదీలతో సరిగ్గా లెక్క వేశారు. ఆయన అర్హతల మీద మేము ఇరవై పేజీల వర్కింగ్ పేపర్ రాసినా ఈ తప్పు బయటపడేది కాదు.

కాబట్టి మీరు డేటా చూసేటప్పుడు మూడు విషయాలు మనసులో పెట్టుకోండి. పరీక్షించాల్సింది యాక్చువరీకి నిజంగా వెళ్ళిన ఫైలుని. ఆ ఫైలుని క్లయింట్ దగ్గర కాకుండా వీలైతే యాక్చువరీ నుంచే తెప్పించుకోండి. రెండు దిక్కులా చూడండి. పేరోల్ నుంచి కొందరిని తీసుకుని ఫైల్లో ఉన్నారా అని వెతికితే వదిలేసినవాళ్ళు దొరుకుతారు, ఫైలు నుంచి పేరోల్‌కి వెళితే మానేసినా పేరు తీయనివాళ్ళు దొరుకుతారు. చేరిన తేదీ, పుట్టిన తేదీ మాత్రం పేరోల్‌తో కలిస్తే చాలదు. కొన్నింటినైనా నియామక పత్రం, వయసు రుజువు దాకా తీసుకెళ్ళండి. ఎందుకంటే పేరోల్ నెలనెలా జీతం కోసం నడుస్తుంది. పుట్టిన తేదీ తప్పుంటే జీతం ఆగదు, కాబట్టి దాన్ని ఎవరూ గమనించరు.

ఫైలు కట్ చేసిన తేదీ కూడా చూడండి. ఏడాది ముగియడానికి రెండు నెలల ముందు డేటాతో లెక్క వేసి, మధ్యలో చేరినవాళ్ళకీ మానేసినవాళ్ళకీ సర్దుబాటు చేసి ముందుకు తేవడం మామూలే, తప్పు కాదు. డిస్కౌంట్ రేటు మాత్రం ఏడాది ఆఖరి రోజుదై ఉండాలి. రెండు నెలల పాత రేటు వదిలేసిన రిపోర్టులు నేను చూశాను.

ఇక అజంప్షన్లు. డిస్కౌంట్ రేటు వీటిలో తేలికైనది, బయట మార్కెట్‌లో కనపడుతుంది కాబట్టి. నాణ్యమైన కార్పొరేట్ బాండ్ల రాబడి చూడమంటుంది ఐఏఎస్ 19. ఆ కరెన్సీలో అలాంటి బాండ్లకి లోతైన మార్కెట్ లేకపోతే ప్రభుత్వ బాండ్లు. చెల్లింపులు 8 ఏళ్ళ దూరంలో ఉంటే 8 ఏళ్ళ దగ్గరి బాండు చూడాలి, 20 ఏళ్ళది కాదు. ఇది మీరే పది నిమిషాల్లో సరిచూసుకోవచ్చు.

జీతాల పెంపు దగ్గరే గొడవంతా. పైన చెప్పిన కంపెనీలో 5 శాతం పెట్టారు. ఎందుకని అడిగితే ఫైనాన్స్ మేనేజర్ "యాక్చువరీ ఒప్పుకున్నారు కదండీ" అన్నారు. యాక్చువరీకి ఫోన్ చేస్తే "కంపెనీ ఇచ్చిన రేటే వాడాను, మరీ అసాధారణంగా లేదని మాత్రం చూశాను" అన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. కాకపోతే ఆ 5 శాతాన్ని సొంతం చేసుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

అప్పుడు మేము ఆడిట్‌లో వేరే చోట్ల అదే కంపెనీ జీతాల గురించి ఏం చెప్పిందో వెతికాం. గడిచిన మూడేళ్ళలో పెంపులు 4, 5, 6 శాతం ఉన్నాయి, కాబట్టి కిందటేడు 5 పెట్టడం సబబే. కానీ ఈ ఏడాది యూనియన్‌తో కొత్త వేతన ఒప్పందం అయింది, వచ్చే మూడేళ్ళకి ఏటా 8 శాతం. బోర్డు ఆమోదించిన బడ్జెట్‌లోనూ అదే 8. ఒక ప్లాంటుకి ఇంపెయిర్‌మెంట్ టెస్ట్ కోసం తయారు చేసిన అంచనాల్లోనూ జీతాలు 8 శాతమే పెరుగుతున్నాయి. యాక్చువరీ రిపోర్టులో ఒక్క చోటే 5 మిగిలిపోయింది. కావాలని చేశారని నేననను. కిందటేడు ఫారంలో తేదీ మార్చి మళ్ళీ పంపేశారు, అంతే.

మీ మేనేజర్ అడుగుతున్న "నువ్వేం చేశావ్" అన్నదానికి ఇలాంటి పనే సమాధానం. ఒకే కంపెనీ ఒకే విషయం గురించి రెండు చోట్ల రెండు మాటలు చెబుతోందా అని చూడటానికి యాక్చువరీ చదువు అక్కర్లేదు. పైగా అన్ని చోట్లా తిరిగే అవకాశం ఆడిటర్‌కి ఉంటుంది, యాక్చువరీకి ఉండదు.

మానేసేవాళ్ళ శాతం కూడా అలాగే చూడండి. రిపోర్టులో 10 ఉంటే గత మూడు నాలుగేళ్ళలో నిజంగా ఎంతమంది మానేశారో హెచ్ఆర్ జాబితా నుంచి లెక్కేయండి. దీని ప్రభావం మాత్రం తమాషాగా ఉంటుంది. పెంపు డిస్కౌంట్ కన్నా తక్కువగా ఉన్నప్పుడు జనం ఎక్కువకాలం ఉంటారని పెడితే లయబిలిటీ తగ్గుతుంది. పెంపు ఎక్కువగా ఉన్నప్పుడు అదే మార్పు దాన్ని పెంచుతుంది. కాబట్టి "అట్రిషన్ తక్కువ పెట్టారు, ఇది జాగ్రత్తతో వేసిన అంచనా" అని ఎవరైనా అంటే ఆ తేడా ఎటువైపు ఉందో చూశాకే ఒప్పుకోండి.

ఆఖరికి ఏమైందంటే, తేదీలు సరిచేసి, మొదటి మూడేళ్ళకి 8 శాతం, తరవాత 6.5 శాతం పెట్టి యాక్చువరీ మళ్ళీ లెక్క వేశారు. 21.7 కోట్లు వచ్చింది. 8 ఏళ్ళ సగటు చూస్తే పెంపు 7 శాతం దగ్గరికి వచ్చింది, అంటే డిస్కౌంట్ రేటుకి సమానం. పేరోల్ మీద మేము వేసిన ఒక్క కాలమ్ 21.6 గుర్తుందిగా.

ఇక్కడితో పని అయిపోలేదు, ఇంకో మెలిక ఉంది, దీన్ని సీనియర్లు కూడా దాటేస్తుంటారు. కొత్త రిపోర్టులో 4.8 కోట్ల పెరుగుదల మొత్తాన్నీ యాక్చువరీ "యాక్చువేరియల్ నష్టం" అని ఒక్క లైన్లో చూపించారు. ఆ లైను నేరుగా ఓసీఐకి, అంటే లాభనష్టాలకి బయట విడిగా చూపే ఇతర సమగ్ర ఆదాయానికి వెళ్ళిపోతుంది, లాభం మీద పడదు. కంపెనీకి అంతకన్నా హాయి ఏముంటుంది. కానీ అందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. సుమారు 3.1 కోట్లు జీతాల అజంప్షన్ మారడం వల్ల వచ్చింది. ఒప్పందం ఈ ఏడాదే జరిగింది కాబట్టి అది నిజంగానే ఈ ఏటి అంచనా మార్పు, ఓసీఐలో ఉండాల్సిందే. మిగతా 1.7 కోట్లు తప్పుడు తేదీల వల్ల వచ్చింది. ఆ తేదీలు మూడేళ్ళుగా తప్పే, సరైన తేదీలు మూడేళ్ళుగా కంపెనీ దగ్గరే ఉన్నాయి. దాన్ని అంచనా మార్పు అనరు, గత సంవత్సరాల తప్పు అంటారు. కిందటేడు చివరికి దాని విలువ వేయిస్తే సుమారు 1.5 కోట్లు, అదీ మెటీరియాలిటీ పైనే. కాబట్టి ఐఏఎస్ 8 ప్రకారం గత ఏడాది అంకెలు తిరగరాయాల్సి వచ్చింది. ఈ విభజన యాక్చువరీ చేయరు, ఆయన పని కాదు. అకౌంటింగ్ నిర్ణయం కాబట్టి కంపెనీ చేయాలి, మనం అడగాలి. కిందటేడు మేమే ఆడిట్ చేశాం కాబట్టి ఆ మీటింగ్ మాకేమీ సరదాగా జరగలేదు.

ఈ కొలబద్ద పనికిరాని చోట్లు కూడా చెప్పాలి. చెల్లింపుకి గరిష్ఠ పరిమితి ఉంటే జీతం ఎంత పెరిగినా మొత్తం అక్కడ ఆగిపోతుంది, కాబట్టి యాక్చువరీ అంకె మీ అంకె కన్నా బాగా కింద ఉండొచ్చు. అయిదేళ్ళు నిండితేనే ఇస్తామనే షరతు ఉంటే కొత్తవాళ్ళ వాటా కొంత తగ్గించుకోవాలి. జీవితాంతం నెలనెలా ఇచ్చే పెన్షన్ అయితే ఈ పద్ధతి పూర్తిగా పక్కన పెట్టండి. అక్కడ మనిషి ఎన్నేళ్ళు బతుకుతాడన్నదే అంకెని నడిపిస్తుంది. ఏ మరణాల పట్టిక వాడారు, ఆయుర్దాయం పెరుగుదలని కలిపారా అన్నది మీరూ నేనూ తేల్చే విషయం కాదు.

అలాంటప్పుడే ఆడిట్ టీమ్ తన సొంత యాక్చువరీని తెచ్చుకోవాలి, అప్పుడు ఐఎస్ఏ 620 మొదలవుతుంది. ఆయన ఏం చూడాలి, ఏం చూడనక్కర్లేదు, డేటా ఎవరు పరీక్షిస్తారు అన్నది ముందే ఒప్పుకోవాలి. బయటివాడైతే కాగితం మీద ఉండటం మంచిది. లేకపోతే డేటా ఆయన చూస్తాడని మీరు, మీరు చూస్తారని ఆయన అనుకుని చివరికి ఎవరూ చూడరు. బయటి నిపుణుడి వర్కింగ్ పేపర్లు, వేరే ఒప్పందం ఉంటే తప్ప, మన ఆడిట్ ఫైలులో భాగం కావు. కాబట్టి ఆయన ఏం చేశాడో మన ఫైలు చదివితే అర్థమయ్యేలా రాసుకోవాలి. ఆయన "సమంజసంగా ఉంది" అని రాసిచ్చినా, దేన్ని దేనితో పోల్చి ఆ మాట అన్నాడో అడగాలి. మామూలు క్లీన్ రిపోర్టులో మన నిపుణుడి పేరు ఎత్తకూడదు, చట్టం అడిగితే తప్ప. చట్టం అడిగి పేరు రాసినా అభిప్రాయం బాధ్యత పూర్తిగా మనదే.

మీ ల్యాండ్ వాల్యుయర్ రిపోర్టుకీ నడక ఇదే, చూసే చోట్లు వేరు. ముందు వాల్యుయర్‌కి కంపెనీ ఇచ్చిన నియామక పత్రం చదవండి. ఏ పని కోసం, ఏ తేదీకి, ఏ రకం విలువ అడిగారు? అప్పు పూచీ కోసం ఆర్నెల్ల కిందట వేయించిన రిపోర్టుని బ్యాలెన్స్ షీట్‌లో ఫెయిర్ వాల్యూకి వాడేయడం మామూలుగా జరిగే విషయమే. తరవాత విస్తీర్ణం, హక్కు పత్రాలతో కలుస్తుందా? వాల్యుయర్ స్వయంగా వెళ్ళి చూశాడా? పోల్చడానికి తీసుకున్న అమ్మకాలు నిజంగా అలాంటి భూములవేనా, ఎన్నాళ్ళ కిందటివి, తేడాలకి ఎంత సర్దుబాటు చేశారు? పోల్చిన భూమి ధరని సర్దుబాట్లతో సగానికి పైగా మార్చాల్సి వస్తే ఆ పోలికే సరైంది కాదని నా అభిప్రాయం.

అద్దెకిచ్చిన భవనం అయితే అద్దెల జాబితా యాక్చువరీకి ఇచ్చిన ఉద్యోగుల ఫైలు లాంటిది. దాన్ని లీజు పత్రాలతో సరిచూడటం మన పని. యీల్డ్ రేటు డిస్కౌంట్ రేటు లాంటిది, చిన్న కదలికకే అంకె మారిపోతుంది. ఏడాదికి నికరంగా 1.2 కోట్లు వచ్చే భవనాన్ని 6 శాతం యీల్డ్‌తో లెక్కేస్తే 20 కోట్లు, 5.5తో లెక్కేస్తే 21.8 కోట్లు. అర శాతానికి 1.8 కోట్లు. కిందటేడు 6 ఉండి ఈ ఏడు 5.5 అయితే మార్కెట్‌లో ఏం మారిందో వాల్యుయర్‌ని మాటల్లో చెప్పమనండి. ఖాళీగా ఉన్న అంతస్తులకి కూడా అద్దె వేసేశారేమో చూడండి.

మీ వర్కింగ్ పేపర్ మళ్ళీ రాసేటప్పుడు "నిపుణుడి రిపోర్టు చూశాం, సమంజసంగా ఉంది" అన్న వాక్యం తీసేయండి. దాని బదులు పేరోల్ కాలమ్ అంకె, సెన్సిటివిటీ నుంచి తీసిన ఏళ్ళు, వాటి నుంచి మీరు ఊహించిన అంకె, రిపోర్టు అంకె, తేడా, ఆ తేడాకి కారణం ఒకదాని కింద ఒకటి పెట్టండి. ప్రతి అజంప్షన్ పక్కన, అది కంపెనీ వేరే ఏ కాగితంతో కలిసిందో రాయండి. కలవకపోతే ఎవరిని అడిగారు, ఏమన్నారు, దాన్ని మీరు ఎందుకు ఒప్పుకున్నారో రాయండి. యాక్చువరీతో ఓ పావుగంట ఫోన్‌లో మాట్లాడండి, క్లయింట్‌కి చెప్పే మాట్లాడండి. నేను మాట్లాడినవాళ్ళలో ఎక్కువమంది సంతోషంగానే చెప్పారు. తమ లెక్క గురించి ఎవరైనా నిజంగా అడగడం వాళ్ళకీ అరుదే మరి.